ముక్క ఇచ్చి నాలుగు రోజులైంది

"డాక్టరుగారూ, ముక్క ఇచ్చి నాలుగు రోజులైందండీ. రక్తపరీక్ష అయితే సాయంత్రానికే ఇచ్చేస్తారు గదా!"

నేను వికృతి శాస్త్ర విభాగములో పనిచేసిన కాలములో ఈ మాటను వినని వారము లేదు. అడిగేవారిలో కోపము ఉండేది, దాని అడుగున భయము ఉండేది. ఇంట్లో ఒకరి శరీరము నుంచి కంతి తీశారు, అది కర్కటవ్రణమో కాదో తెలియక నిద్ర పట్టదు. ఆ నాలుగు రోజులలో ఆ ముక్కకు ఏమి జరుగుతుందో నేను నిలబడి చెప్పే తీరిక అప్పుడు ఉండేది కాదు. ఇప్పుడు ఉన్నది. మీలో ఎవరికైనా రేపు ఒక సీసాను చేతికిచ్చి "ఇది లాబ్‌లో ఇచ్చి రండి" అని చెప్పవచ్చును. కనుక నాకు మరపు రాని ఒక సీసా కథతో చెబుతాను. సీసా అన్నానే గాని, నిజానికి అది మిఠాయి డబ్బా.

సుమారు 20 ఏళ్ళ క్రితము ఒక సోమవారము ఉదయము, నలభై మూడేళ్ళ స్త్రీకి తీసివేసిన రొమ్మును ఆమె తమ్ముడు బస్సులో తీసుకొని వచ్చాడు. శస్త్రచికిత్స శనివారము సాయంత్రము ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో జరిగింది. ఆదివారము లాబ్ ఉండదు. రొమ్మును కోయకుండా, ఉన్నది ఉన్నట్లుగా, ఒక ప్లాస్టిక్ మిఠాయి డబ్బాలో కుక్కి, పైన కొంచెము ఫార్మలిన్ పోశారు. డబ్బా నిండా కణజాలమే. ద్రవము దాని చుట్టూ పలుచని పొరలా ఉన్నది.

శరీరము నుంచి వేరుపడిన కణజాలము ఆ క్షణములోనే చనిపోదు, అలాగని బ్రతికీ ఉండదు. రక్తప్రసరణ ఆగగానే ప్రాణవాయువు అందదు. కణములలో తిత్తులలో బంధింపబడి ఉండే జీర్ణరసములు బయటపడి, తమ కణమునే కరిగించడము మొదలుపెడతాయి. దీనిని స్వయంవిచ్ఛిన్నము అంటాము. మన వేసవిలో ఇది ఎంత త్వరగా జరుగుతుందో చెప్పనక్కరలేదు. మధ్యాహ్నము తెచ్చిన చేపను సాయంత్రము దాకా బయట ఉంచిన వారికి తెలుసును. దీనిని ఆపి, కణములు శరీరములో ఎలా ఉండేవో అలాగే నిలబెట్టే పనిని స్థిరీకరణము అంటారు. మేమంతా ఫిక్సేషన్ అనే పిలుస్తాము.

ఆ పని చేసేది ఫార్మలిన్. 1893 లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫెర్డినాండ్ బ్లూమ్ అనే వైద్యుడు ఫార్మాల్డిహైడ్‌కు సూక్ష్మజీవులను చంపే శక్తి ఎంత ఉన్నదో పరీక్షిస్తూ, తన వేళ్ళ చర్మము గట్టిపడడము గమనించాడు. కణజాలమును కూడా ఇలాగే గట్టిపరచి నిలువ చేయవచ్చునని ఆయనకు తోచింది. ఈనాటికీ మేము వాడేది అదే. ఫార్మాల్డిహైడ్ మాంసకృత్తుల మధ్య చిన్న చిన్న వంతెనలు కడుతుంది. కదిలే మాంసకృత్తులు కదలకుండా ఒకదానికొకటి ముడిపడతాయి. జీర్ణరసములు కూడా మాంసకృత్తులే కనుక, అవి కూడా బిగుసుకొని పని మానుతాయి.

బజారులో దొరికే గాఢ ఫార్మలిన్‌లో 37 నుంచి 40 శాతము ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. దానిలో ఒక వంతుకు తొమ్మిది వంతుల నీరు కలిపితే మేము పది శాతము ఫార్మలిన్ అనేది వస్తుంది. అంటే అసలు ఫార్మాల్డిహైడ్ అందులో నాలుగు శాతమే. గాఢముగా పోస్తే ఇంకా మంచిదనుకొని నీరు కలపకుండా పోసేవారు ఉంటారు. అది పై పొరను చెక్కలా గట్టిపరుస్తుంది, లోపలికి సరిగా దిగదు. దీనికి ఫాస్ఫేట్ లవణములను కూడా కలిపి, ఆమ్లగుణము రాకుండా చూస్తాము. అలా కలపని పాత ఫార్మలిన్ పులిసి ఫార్మిక్ ఆమ్లమును పుట్టిస్తుంది. అప్పుడు రక్తము ఉన్న చోటల్లా గోధుమ నలుపు రంగు పొడి రేణువులు పేరుకొని, సూక్ష్మదర్శినిలో చూసేవారికి తలనొప్పి తెస్తాయి.

ఇక్కడ మీరు ఒక విషయము గ్రహించాలి. ఫార్మలిన్ కణజాలములోకి చాలా నెమ్మదిగా దిగుతుంది. మొదట గంటకు సుమారు ఒక మిల్లీమీటరు, లోతుకు పోయే కొద్దీ ఇంకా నెమ్మది. దిగిన తరువాత కూడా వంతెనలు కట్టడానికి గంటలు పడుతుంది. ఊరగాయ పెట్టే ఇంటివారికి ఇది కొత్త సంగతి కాదు. మామిడికాయను ముక్కలు చేసి ఉప్పులో వేస్తే ఊరుతుంది. నిండు కాయను అలాగే జాడీలో వేస్తే పైతోలు ఉప్పగా ఉంటుంది, లోపల కుళ్ళుతుంది.

మా మిఠాయి డబ్బాలో జరిగింది అదే. కంతి సుమారు ఐదు సెంటీమీటర్లు ఉన్నది, దాని చుట్టూ కొవ్వు, పైన చర్మము. చర్మము ఫార్మలిన్‌ను సులువుగా లోపలికి పోనివ్వదు, కొవ్వు కూడా అంతే. నేను కత్తితో రొమ్మును అడ్డముగా కోశాను. అంచులు బూడిదరంగులో బిగువుగా ఉన్నాయి. మధ్య భాగము పచ్చిమాంసము రంగులో, మెత్తగా, కొంచెము వాసనతో ఉన్నది. శనివారము సాయంత్రము నుంచి సోమవారము ఉదయము దాకా, సుమారు 40 గంటలు, ఆ మధ్యభాగము ఫార్మలిన్ ముఖము చూడలేదు.

ఆ ఆసుపత్రిలో చేయవలసిన పని పెద్దదేమీ కాదు. గుత్తి వంకాయను కారము దట్టించడానికి ముచ్చిక తెగకుండా చీలుస్తాము చూడండి, అలాగే రొమ్మును వెనుక వైపు నుంచి, సెంటీమీటరుకు ఒక కోత చొప్పున, పూర్తిగా విడిపోకుండా చీల్చి, ఆ చీలికల మధ్య పలుచని గుడ్డనో కాగితమునో ఉంచి, కణజాలము కంటే పది రెట్లు ఫార్మలిన్‌లో మునిగేలా వదలాలి. తీసిన గంటలోపల ఇది జరగాలి. అంత పెద్ద పాత్ర లేకపోతే ప్లాస్టిక్ బకెట్టు చాలును.

నేను చీలికలు చేసి, తాజా ఫార్మలిన్‌లో మరొక రోజు ఉంచాను. పాడైపోయినది బాగుపడదు, మిగిలినది నిలుస్తుంది. మంగళవారము వేరు వేరు చోట్ల నుంచి మూడు నాలుగు మిల్లీమీటర్ల మందములో ముక్కలు తీసి, చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ పెట్టెలలో పెట్టాను. వీటిని క్యాసెట్లు అంటాము. ప్రతి క్యాసెట్టు మీద రోగి సంఖ్యను పెన్సిలుతో వ్రాస్తాము. పెన్సిలు ఎందుకంటే, ముందున్న ద్రవములలో మామూలు సిరా కరిగిపోతుంది. పెన్సిలు గీత కరగదు. ఒక మనిషి జబ్బు మరొక మనిషికి అంటగట్టబడకుండా కాపాడేది ఆ పెన్సిలు గీతే.

ఇక రాత్రి పని. స్థిరపడిన ముక్క మెత్తగానే ఉంటుంది. దానిని వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలుచగా కోయాలంటే లోపలా బయటా ఒకే గట్టిదనము ఉండాలి. దానికి మేము వాడేది పారఫిన్ మైనము. అయితే కణజాలము నిండా నీరు ఉన్నది, మైనమునకు నీరంటే పడదు. నేరుగా మైనములో వేస్తే మైనము లోపలికి చొరదు. అందుకని మధ్యవర్తులు కావాలి. మొదట నీటిని తీసివేసి ఆల్కహాలును నింపుతాము. ఒక్కసారిగా గాఢమైన ఆల్కహాలులో వేస్తే ముక్క ముడుచుకుపోతుంది కనుక 70 శాతముతో మొదలుపెట్టి, 90, 95 శాతములు దాటి, చివరికి నీరు లేని ఆల్కహాలులో రెండు మూడు సార్లు మారుస్తాము. ఆల్కహాలు కూడా మైనముతో కలవదు. అందుకని దానిని తరిమి జైలీన్ వస్తుంది. జైలీన్ అటు ఆల్కహాలుతోను, ఇటు మైనముతోను కలుస్తుంది. ఆ తరువాత సుమారు 60 డిగ్రీల వద్ద కరిగిన మైనము వచ్చి జైలీన్ స్థానమును ఆక్రమిస్తుంది. ఈ పనినంతా ఒక యంత్రము రాత్రంతా తిరుగుతూ, ముక్కల బుట్టను ఒక పాత్ర నుంచి మరొక పాత్రకు దించుతూ చేస్తుంది. మీ నాలుగు రోజులలో ఒక రాత్రి ఇలా పోతుంది.

కొవ్వు కణములలోని కొవ్వు ఈ దారిలో ఆల్కహాలులోను జైలీన్‌లోను కరిగిపోతుంది. అందువలన సూక్ష్మదర్శినిలో కొవ్వు కణములు తెల్లని ఖాళీ గదులుగా కనిపిస్తాయి. కొత్తగా చేరిన విద్యార్థులు వాటిని కన్నములనుకుంటారు. నేనూ అనుకొన్నాను.

ఈ దశలో దేనినైనా తొందరపెడితే మరునాడు తెలిసిపోతుంది. ఆల్కహాలు పాతదై నీరు పూర్తిగా పోకపోతే జైలీన్ పాలలా తెల్లబడుతుంది, దిమ్మె మధ్యలో ముక్క మెత్తగా ఉండి కత్తి తగలగానే ఊడి వస్తుంది. జైలీన్‌లో ఎక్కువసేపు ఉంటే ముక్క ఎండుటాకులా పెళుసై, కోతలో చీలికలు వస్తాయి. "రేపటికే కావాలి, ఎలాగైనా చూడండి" అని అడిగేవారికి మేము ఒక రాత్రిని తగ్గించి ఇవ్వలేకపోవడానికి కారణము ఇదే. చిన్న సూది ముక్కకు తక్కువ గంటలు చాలును. కొవ్వు నిండిన రొమ్ము ముక్కకు చాలవు. ఎముక అయితే ముందు సున్నము కరిగించాలి, ఇంకా రోజులు పడుతుంది.

బుధవారము ఉదయము మా టెక్నీషియన్ గారు ముక్కలను దిమ్మెలుగా పోశారు. ఆయన నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. లోహపు అచ్చులో కరిగిన మైనము పోసి, వేడిచేసిన పటకారుతో ముక్కను తీసి, ఏ ముఖము కిందికి ఉండాలో చూసి పెడతారు. కిందికి ఉన్న ముఖమే కత్తికి మొదట తగులుతుంది. చర్మము ముక్కను పడుకోబెడితే పై పొర, లోపలి పొర ఒక వరుసలో కనిపించవు, జబ్బు ఎంత లోతుకు పోయిందో చెప్పలేము. నిలువుగా పెట్టాలి. పేగు ముక్క అయినా అంతే. ఆయన ఈ పని చేస్తున్నప్పుడు ఎవరితోను మాట్లాడేవారు కాదు.

గట్టిపడిన దిమ్మెను మంచు గడ్డ మీద చల్లార్చి మైక్రోటోమ్ అనే కోత యంత్రమునకు బిగిస్తారు. పిడి ఒకసారి తిప్పితే దిమ్మె కిందికి దిగి కత్తిని ఒరుసుకొని, మళ్ళీ పైకి లేచి, నాలుగు మైక్రాన్లు ముందుకు జరుగుతుంది. నాలుగు మైక్రాన్లంటే మిల్లీమీటరులో వెయ్యి భాగములలో నాలుగు. ఒక ఎర్ర రక్తకణము ఏడు మైక్రాన్లు ఉంటుంది, అంటే మన కోత దానికంటే పలుచన. కోతలు ఒకదాని అంచుకు ఒకటి అంటుకొని రిబ్బనులా వస్తాయి. ఆ రిబ్బనును కుంచెతో ఎత్తి సుమారు 45 డిగ్రీల నీటి తొట్టిలో తేలవేస్తే ముడతలు విప్పుకుంటాయి. నీరు మైనము కరిగే వేడిమికి కొంచెము తక్కువలో ఉండాలి. ఎక్కువైతే కోత విచ్చిపోతుంది, తక్కువైతే ముడతలు పోవు. దానిని గాజు పలకతో కింద నుంచి మెల్లగా ఎత్తుకోవాలి. మా చిన్నప్పుడు పలకకు కోత అంటుకోవడానికి కోడిగ్రుడ్డు తెల్లసొనలో గ్లిసరిన్ కలిపి రాసేవారము. నేను ఈ పని నేర్చుకొన్న మొదటి నెలలో ఆరు దిమ్మెలను పాడుచేశాను. పెద్ద మాట కాదుగాని, రోగికి ఆ ముక్క ఒక్కటే ఉంటుందని గుర్తు చేసినవారు ఆ టెక్నీషియన్ గారే.

తొట్టిలో నీటిని, కుంచెను ప్రతి దిమ్మె తరువాత శుభ్రపరచాలి. లేకపోతే ముందు రోగి కణజాలపు చిన్న పీలిక తేలుతూ వచ్చి తరువాతి రోగి పలకకు అంటుకుంటుంది. మంచి రొమ్ములో ఒక మూల విడిగా, కోత ఎత్తుకు కొంచెము పైన, ఏ సంబంధమూ లేని కర్కటకణముల గుంపు కనిపిస్తే ఇదే అనుమానించాలి. ఆ సందేహము వస్తే దిమ్మెను మరి కొంత లోపలికి కోసి చూస్తాము. పీలిక నిజముగా ఆ రోగిదే అయితే లోతు కోతలలో కూడా ఉంటుంది.

పలకలను వేడిచేసి మైనము కరిగించి, జైలీన్‌తో కడిగి, వెనక్కి నీటి దాకా తెచ్చి, హిమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు అద్దాము. గురువారము నేను చూశాను. కర్కటవ్రణమే, సందేహము లేదు. అయితే అంచు ముక్కలో కేంద్రకములు స్పష్టముగా, నీలముగా ఉన్నాయి. మధ్య ముక్కలో అవి వెలిసిపోయి, గీతలు చెరిగినట్లు మసకగా ఉన్నాయి, కణములు ఒకదాని నుంచి ఒకటి విడిపోయి ఉన్నాయి. జబ్బు పేరు చెప్పడానికి అది అడ్డు రాలేదు. అసలు చిక్కు తరువాత వచ్చింది.

రొమ్ము కర్కటవ్రణములలో కణముల కేంద్రకములలో ఈస్ట్రోజెన్ గ్రాహకములు ఉన్నాయా లేవా అని పరీక్షిస్తాము. ఉంటే టమాక్సిఫెన్ వంటి మాత్రలు పనిచేస్తాయి, ఏళ్ళ తరబడి ఆ మాత్రలు జబ్బు తిరగబెట్టకుండా కాపాడతాయి. లేకపోతే ఆ మాత్రల వలన ఫలితము ఉండదు. గ్రాహకము కూడా మాంసకృత్తే. స్థిరీకరణము ఆలస్యమైతే అది నశిస్తుంది. ఉన్న గ్రాహకము లేనట్లు కనిపిస్తుంది. అందుకే ఈ పరీక్షకు కణజాలము తీసిన గంటలోపల ఫార్మలిన్‌లో పడాలని, అందులో ఆరు గంటలకు తగ్గకుండా, 72 గంటలకు మించకుండా ఉండాలని ఇప్పుడు నియమము ఉన్నది.

పరీక్షకు నేను ఎన్నుకొన్నది మధ్య దిమ్మె. కర్కటకణములు ఎక్కువ ఉన్నవి అందులోనే కదా అనుకొన్నాను. అది నా పొరపాటు. కేంద్రకములు వెలిసిపోయిన సంగతి కళ్ళతో చూసి కూడా ఆ దిమ్మెనే ఇచ్చాను. పరీక్ష పూర్తి అయ్యాక ఒక్క కేంద్రకము కూడా గోధుమరంగు ఎక్కలేదు. పక్కన పెట్టిన వేరే రోగి పలక, మా పరీక్ష సరిగా జరిగిందని చూపే సాక్షి పలక, చక్కగా రంగెక్కింది. కనుక మందులలో లోపము లేదు. నేను కాగితము మీద "గ్రాహకములు లేవు" అని వ్రాసి, సంతకము చేయబోతున్నాను.

టెక్నీషియన్ గారు రెండవ సూక్ష్మదర్శిని దగ్గర ఉన్నారు. "డాక్టరుగారూ, ఒకసారి ఇటు చూడండి. ఇందులో మంచి నాళాలు కూడా పట్టలేదండీ" అన్నారు.

ఆ మాటకు అర్థమేమిటంటే, కంతిలో చిక్కుకొని మిగిలిన సహజమైన పాలనాళములు ఆ పలకలోనే ఉన్నాయి. సహజ నాళములలో కొన్ని కణములకైనా ఈస్ట్రోజెన్ గ్రాహకము ఉండి తీరాలి. అవి కూడా రంగెక్కలేదంటే, కణజాలము చెడిపోయిందని అర్థము. కర్కటకణములలో గ్రాహకము లేదని దానిని బట్టి చెప్పకూడదు. ఆ పలక ఉన్నదనీ చెప్పదు, లేదనీ చెప్పదు. నేను సంతకము పెట్టి ఉంటే ఆ స్త్రీకి ఆ మాత్రలు ఎవరూ వ్రాసేవారు కారు.

అంచు దిమ్మెను తీశాము. అది కండరము వైపు ముక్క. అటు చర్మము అడ్డు లేదు, కంతి అంచు దాదాపు పైకి తేలి ఉన్నది. డబ్బాలో పోసిన కొద్ది ఫార్మలిన్ తాకిన వైపు అదే. దానితో పరీక్ష మళ్ళీ చేశాము. సహజ నాళములు రంగెక్కాయి. కర్కటకణములలో ఎక్కువ భాగము ముదురు గోధుమరంగులో నిలిచాయి. ఆమె తమ్ముడు ఆ వారములో రెండుసార్లు వచ్చి ఆలస్యమునకు కోప్పడ్డాడు. నివేదిక ఇచ్చిన రోజున నేను జరిగినదంతా చెప్పాను. అతడు కొంచెముసేపు ఊరుకొని, "అయితే ఆ డబ్బా నేను కొన్నదేనండి. ఆసుపత్రివాళ్ళు ఏదైనా తెమ్మన్నారు" అన్నాడు. అతడికి ఆ సంగతి చెప్పవలసినవారు ఎవరూ చెప్పలేదు. అతడి తప్పు అందులో ఏమీ లేదు.

మీ చేతికి అటువంటి డబ్బా వస్తే, అందులో ఉన్నది ఫార్మలినేనా అని అడగండి. ఉప్పునీరు, సెలైన్ కణజాలమును నిలబెట్టవు. ఇంజెక్షన్‌కు వాడే స్పిరిటు ముక్కను ముడుచుకొనేలా చేస్తుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టే గదిలో పెట్టవద్దు, మంచు స్ఫటికములు కణములను చీలుస్తాయి. సీసా మూతి వెడల్పుగా ఉండాలి, మెత్తగా లోపలికి పోయిన ముక్క గట్టిపడి బయటకు రాదు. ముక్కను ఎన్ని గంటలకు తీశారో, ఎన్ని గంటలకు ఫార్మలిన్‌లో వేశారో చీటీ మీద వ్రాయమనండి. మూత మీద కాక సీసా మీదనే పేరు ఉండాలి, మూతలు తారుమారవుతాయి. ఫార్మలిన్ కళ్ళకు, ఊపిరికి మంచిది కాదు కనుక మూత తీసి చూడవద్దు. కొన్ని పరీక్షలకు ముక్కను ఫార్మలిన్ లేకుండా పంపమంటారు. శస్త్రచికిత్స మధ్యలో గడ్డకట్టించి చూసే పరీక్ష, క్షయక్రిముల పెంపకము అటువంటివి. అది వైద్యుడు ముందే చెప్పాలి.

మైనపు దిమ్మెలు చల్లని చోట ఉంచితే ఏళ్ళ తరబడి నిలుస్తాయి. వేరే ఊరిలో రెండవ అభిప్రాయము తీసుకోదలచినవారు కాగితముతో పాటు పలకలను, దిమ్మెలను కూడా అడిగి తీసుకువెళ్ళవచ్చును.

ఆమె ఐదేళ్ళు టమాక్సిఫెన్ వాడింది. ఆ తరువాత కొడుకు దగ్గరకు వేరే రాష్ట్రమునకు వెళ్ళిపోతూ, అక్కడి వైద్యులు చూస్తారేమోనని దిమ్మెల కోసము వచ్చింది. టెక్నీషియన్ గారు అప్పటికి పదవీ విరమణ చేశారు. నేనే అలమారలో వెదికాను. మధ్య దిమ్మె, అంచు దిమ్మె పక్కపక్కనే ఉన్నాయి, పెన్సిలు సంఖ్యలు చెరగలేదు. అంచు దిమ్మెను వేరే పొట్లములో కట్టి, దాని మీద "పరీక్షకు ఇది వాడగలరు" అని వ్రాసి ఆమెకు ఇచ్చాను.